చిన్న విద్యుత్ వలయపు వికిరణం

ప్రవాహపు దిశ నియమబద్ధంగా మారుతూ ఉండే ఒక చిన్న తీగ వలయం తన చుట్టూ విద్యుదయస్కాంత తరంగాలను వెదజల్లుతుంది. దీనిని చిన్న విద్యుత్ వలయపు వికిరణం అంటారు. అటువంటి వలయం డోలనం చేసే అయస్కాంత ద్విధ్రువంతో సమానం కనుక దీనికే అయస్కాంత ద్విధ్రువ వికిరణం అనే పేరు కూడా ఉంది. ఇక్కడ "చిన్న" అనే మాటకు ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. వలయపు చుట్టుకొలత తరంగదైర్ఘ్యంలో సుమారు పదో వంతుకు మించకూడదు. అప్పుడు మాత్రమే ఏ క్షణంలో చూసినా తీగ పొడవునా ప్రవాహం ఒకే విలువతో ఉన్నదని భావించవచ్చు.

పొట్టి తీగలో ఆవేశాలు ఒక కొస నుండి మరొక కొసకు ఊగుతూ ఉంటే అది డోలన విద్యుత్ ద్విధ్రువం. పాఠ్యపుస్తకాలలో వికిరణం గురించిన చర్చ సాధారణంగా దీనితోనే మొదలవుతుంది. కాని చరిత్రలో ముందుగా లెక్కకు అందినది వలయమే. ఐర్లండు దేశస్థుడైన జార్జ్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ 1883లో, అంటే హెర్ట్జ్ ప్రయోగాలకు కొన్నేళ్ళ ముందే, ఏకాంతర ప్రవాహం గల చిన్న వలయం తరంగాల రూపంలో ఎంత శక్తిని కోల్పోతుందో గణించి, అది పౌనఃపున్యపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందని చూపాడు. హెర్ట్జ్ తన ప్రయోగాలలో ఈ రెండు ఆకారాలనూ వాడుకున్నాడు. ఆయన ప్రసారిణి ఒక ద్విధ్రువం. తరంగాలను పట్టుకొన్నది మాత్రం చిన్న ఖాళీ గల తీగ వలయం. ఆ ఖాళీలో మెరిసే నిప్పురవ్వయే ఆయనకు తరంగం చేరిందనడానికి గుర్తు. అయితే ఆ వలయం అనునాదానికి సరిపడేటంత పెద్దది కనుక ఈ వ్యాసంలో చెప్పుకొనే చిన్న వలయాల కోవలోకి రాదు.

దూరం నుండి తీవ్రతను మాత్రమే కొలిచేవారికి వలయానికీ ద్విధ్రువానికీ తేడా తెలియదు. రెండింటి వికిరణమూ దిశతో ఒకే విధంగా మారుతుంది. ఆ రెండింటినీ వేరు చేసి చూపేది తరంగపు ధ్రువణం.

== వలయం ఎందుకు వికిరణం చేస్తుంది ==

మొదట చూస్తే వలయం అసలు వికిరణం చేయకూడదనిపిస్తుంది. వలయంలో ఒకవైపు ప్రవాహం ఎడమకు పోతూ ఉంటే, దానికి ఎదురుగా ఉన్న వైపు అంతే ప్రవాహం కుడికి పోతూ ఉంటుంది. ఒకటి పుట్టించిన క్షేత్రాన్ని మరొకటి రద్దు చేయాలి కదా? నిజానికి అది చాలావరకు రద్దు అవుతుంది కూడా. రద్దు కాకుండా మిగిలిన కొద్దిపాటి క్షేత్రమే వలయపు వికిరణం.

లెక్క సులభంగా ఉండడానికి వృత్తానికి బదులు s భుజం గల చతురస్రపు వలయాన్ని తీసుకుందాం. అది xy తలంలో ఉన్నది, దాని భుజాలు x, y అక్షాలకు సమాంతరంగా ఉన్నాయి, ప్రవాహపు కంపన పరిమితి I అనుకుందాం. పరిశీలకుడు xz తలంలో చాలా దూరాన, r దూరంలో, z అక్షంతో θ కోణం చేసే దిశలో ఉన్నాడు. ఇప్పుడు నాలుగు భుజాలనూ నాలుగు పొట్టి ద్విధ్రువాలుగా విడదీసి చూడవచ్చు.

ముందుగా x అక్షానికి సమాంతరంగా ఉన్న రెండు భుజాలు. ఇవి ఒకదానికొకటి y దిశలో ఎడంగా ఉన్నాయి. పరిశీలకుడు xz తలంలో ఉన్నాడు కనుక ఈ రెండూ అతనికి సమాన దూరంలో ఉంటాయి. ప్రవాహాలు వ్యతిరేకం, దూరాలు సమానం. కాబట్టి వీటి క్షేత్రాలు పూర్తిగా రద్దవుతాయి.

ఇక y అక్షానికి సమాంతరంగా ఉన్న రెండు భుజాలు. వీటిలో ఒకటి పరిశీలకునికి s sin θ మేరకు దగ్గరగా ఉంటుంది. దూరపు భుజం నుండి బయలుదేరిన తరంగం ఆ మేరకు ఆలస్యంగా చేరుతుంది. కాంతి వేగం c, కోణీయ పౌనఃపున్యం ω అయితే, ఆ ఆలస్యం వలన కలిగే దశాభేదం (ω/c) s sin θ. చిన్న వలయానికి ఇది చాలా స్వల్పం. అయినా సున్న కాదు. ఒక్కొక్క భుజం పుట్టించే విద్యుత్ క్షేత్రపు కంపన పరిమితి μ0 ω I s / 4π r కనుక, ఆ రెండింటి భేదం ఇలా వస్తుంది:

E = (μ0 ω I s / 4π r) × (ω s / c) sin θ = (μ0 ω² m0 / 4π c r) sin θ

ఇందులో m0 = I s² అనేది ప్రవాహాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చిన అయస్కాంత ద్విధ్రువ భ్రామకం. వలయం చతురస్రమైనా, వృత్తమైనా, మరే ఆకారమైనా చివరకు మిగిలేది ఈ లబ్ధం మాత్రమే. ఒకే వైశాల్యం గల వలయాలు దూరం నుండి ఒకేలా కనబడతాయి. తీగను N చుట్లు చుడితే m0 కూడా N రెట్లు అవుతుంది.

ఈ చిన్న గణనలోనే వలయపు లక్షణాలన్నీ ఉన్నాయి. అక్షం మీద, అంటే θ = 0 దిశలో, దూరభేదం లేదు; కనుక వికిరణం లేదు. వలయపు తలంలో దూరభేదం గరిష్ఠం. అక్కడ వికిరణమూ గరిష్ఠం. విద్యుత్ క్షేత్రం y దిశలో, అంటే వలయపు తలానికి సమాంతరంగా, వలయం చుట్టూ తిరిగే దిశలో ఉంటుంది. పైగా రెండు దాదాపు సమానమైన డోలనాల భేదం తీసుకున్నాం కనుక, మిగిలిన క్షేత్రం ఒక్కొక్క భుజపు క్షేత్రానికి పావు ఆవర్తనం, అంటే 90 డిగ్రీలు, దశలో ఎడంగా ఉంటుంది. ఈ చివరి సంగతి ఇప్పుడు అప్రధానంగా తోచినా, ముందు దీనితో పని పడుతుంది.

== విద్యుత్ ద్విధ్రువంతో పోలిక ==

z అక్షం మీద నిలిపిన విద్యుత్ ద్విధ్రువపు భ్రామకం p0 అయితే, దాని దూర క్షేత్రాన్ని వలయపు క్షేత్రంతో పక్కపక్కన ఇలా వ్రాయవచ్చు:

విద్యుత్ ద్విధ్రువం: E_θ = (μ0 ω² p0 / 4π r) sin θ

చిన్న వలయం: E_φ = (μ0 ω² m0 / 4π c r) sin θ

p0 ఉన్న చోట m0/c వచ్చింది, అంతే. రెండింటిలోనూ క్షేత్రం దూరానికి విలోమానుపాతంలో తగ్గుతుంది, sin θ తో మారుతుంది. తీవ్రత sin² θ ను అనుసరిస్తుంది. వికిరణ చిత్రం గారె ఆకారంలో, మధ్యలో చిల్లుతో ఉంటుంది. రెండు సందర్భాలలోనూ అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రానికి లంబంగా ఉండి, E/c విలువ కలిగి ఉంటుంది.

భేదం మొదట పరిమాణంలో కనిపిస్తుంది. దీనిని చూడడానికి ఒకే తీగను రెండు విధాలుగా వాడినట్లు ఊహిద్దాం. C పొడవు గల తీగను నిటారుగా సాగదీసి, మధ్యలో ప్రవాహం అందిస్తే అది ద్విధ్రువం. ప్రవాహం మధ్యలో గరిష్ఠంగా ఉండి, కొసల వద్ద సున్నకు తగ్గుతుంది. అదే తీగను వృత్తంగా వంచి కొసలు కలిపితే వలయం. ఏంటెనా వెదజల్లే సామర్థ్యాన్ని ప్రవాహపు వర్గంతో (వర్గ మధ్యమ మూల విలువతో) భాగిస్తే వచ్చేదానిని వికిరణ నిరోధం అంటారు. ఈ రెండింటి వికిరణ నిరోధాలు, ఓములలో, ఇవి:

ద్విధ్రువం: R = 20 π² (C/λ)²

వలయం: R = 20 π² (C/λ)⁴

రెండింటి నిష్పత్తి సరిగ్గా (C/λ)². తీగ తరంగదైర్ఘ్యంలో పదో వంతు పొడవుంటే, అదే ప్రవాహానికి వలయం ద్విధ్రువంలో నూరో వంతు సామర్థ్యాన్నే వెదజల్లుతుంది. నూరో వంతు పొడవుంటే పదివేలవ వంతు. ఫిట్జ్‌జెరాల్డ్ కనుగొన్న నాలుగవ ఘాతం ఇదే. ఎదురెదురు భుజాల క్షేత్రాలు ఎంత దగ్గరగా రద్దవుతాయో ఈ అంకెలు చెబుతాయి.

పరమాణువులలోను ఇదే క్రమం కనిపిస్తుంది. పరమాణువు పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే అత్యల్పం కనుక అయస్కాంత ద్విధ్రువ పరివర్తనాలు విద్యుత్ ద్విధ్రువ పరివర్తనాల కంటే ఎంతో బలహీనమైనవి. అంతరిక్షంలోని ఉదజని పరమాణువులు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో చేసే ఉద్గారం ఈ అయస్కాంత జాతికి చెందినదే. పౌనఃపున్యం కూడా తక్కువ కావడంతో, ఉత్తేజిత స్థితిలోని ఒక పరమాణువు ఆ తరంగాన్ని దానంతట అది విడుదల చేయడానికి సగటున సుమారు 1.1 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఉదజని అపారంగా ఉండడం వల్లనే 1951లో ఈ సంకేతం మొదటిసారిగా రేడియో దూరదర్శినులకు చిక్కింది.

మూలానికి బాగా దగ్గరగా వెళితే మరొక భేదం కనబడుతుంది. λ/2π కంటే తక్కువ దూరంలో ద్విధ్రువం చుట్టూ విద్యుత్ క్షేత్రానిది పైచేయి. వలయం చుట్టూ అయస్కాంత క్షేత్రానిది పైచేయి. దూరం పెరిగేకొద్దీ ఈ భేదం కరిగిపోయి, E, B ల నిష్పత్తి రెండింటిలోనూ c వద్ద స్థిరపడుతుంది. కనుక దూరాన ఉన్నవాడు ఈ నిష్పత్తిని కొలిచి మూలమేదో చెప్పలేడు.

== దూర క్షేత్రపు ధ్రువణం ==

తరంగంలో విద్యుత్ క్షేత్రం ఏ దిశలో డోలనం చేస్తుందో ఆ దిశను తరంగపు ధ్రువణ దిశగా చెప్పడం ఆనవాయితీ. మూలాన్ని మధ్యలో ఉంచి భూగోళాన్ని ఊహించుకుంటే ఇక్కడి ధ్రువణాన్ని తేలికగా గుర్తుంచుకోవచ్చు. అక్షం ఉత్తర దక్షిణ ధ్రువాల గుండా పోతుంది. విద్యుత్ ద్విధ్రువం పుట్టించిన విద్యుత్ క్షేత్రం రేఖాంశాల వెంబడి, అంటే ఉత్తర దక్షిణాలుగా ఊగుతుంది. అయస్కాంత క్షేత్రం అక్షాంశాల వెంబడి ఉంటుంది. వలయం విషయంలో ఈ రెండూ తారుమారవుతాయి. విద్యుత్ క్షేత్రం అక్షాంశాల వెంబడి తూర్పు పడమరలుగాను, అయస్కాంత క్షేత్రం రేఖాంశాల వెంబడిగాను ఊగుతాయి. రెండూ రేఖీయ ధ్రువణాలే. కాని ప్రతి దిశలోనూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి.

దీని ఫలితం ఆచరణలో స్పష్టంగా కనిపిస్తుంది. నిలువుగా నిలబెట్టిన ద్విధ్రువం చుట్టూ అన్ని వైపులకూ సమానంగా, నిలువు ధ్రువణంతో తరంగాలను పంపుతుంది. నేలకు సమాంతరంగా పరచిన వలయం కూడా చుట్టూ సమానంగానే పంపుతుంది, కాని అడ్డ ధ్రువణంతో. అన్ని దిక్కులకూ సమానంగా అడ్డ ధ్రువణం కావలసినప్పుడు ఒక్క ద్విధ్రువంతో పని జరగదు, ఎందుకంటే అడ్డంగా పెట్టిన ద్విధ్రువం తన కొసల దిశలో ఏమీ పంపదు.

వలయాన్ని నిలువుగా, గోడ గడియారంలాగా నిలబెడితే పరిస్థితి మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ఇప్పుడు అక్షం నేలకు సమాంతరం. క్షితిజం వైపు పోయే తరంగాలన్నిటిలోనూ విద్యుత్ క్షేత్రం నిలువుగానే ఉంటుంది. వలయపు తలం వైపు గరిష్ఠం, అక్షం వైపు సున్న. కాని అదే వలయం నడినెత్తికి పంపే తరంగంలో విద్యుత్ క్షేత్రం నేలకు సమాంతరంగా ఉంటుంది. "ఈ ఏంటెనా ధ్రువణం ఏమిటి?" అన్న ప్రశ్నకు "ఏ దిశలో?" అని తిరిగి అడగక తప్పదు.

ధ్రువణాన్ని పరీక్షించే పద్ధతి సులభమైనది. దూరాన ఒక చిన్న ద్విధ్రువాన్ని గ్రాహకానికి తగిలించి, తరంగం వచ్చే దిశకు లంబంగా ఉంచి, మెల్లగా తిప్పాలి. సంకేతం గరిష్ఠమైన స్థానం విద్యుత్ క్షేత్రపు దిశను చూపుతుంది; దానికి 90 డిగ్రీల దూరంలో సంకేతం మాయమవుతుంది. పరీక్షా సాధనంగా ద్విధ్రువానికి బదులు చిన్న వలయాన్ని వాడితే, గరిష్ఠం వచ్చినప్పుడు వలయపు అక్షం అయస్కాంత క్షేత్రపు దిశను చూపుతుంది. ఈ రెండింటినీ కలగలిపి 90 డిగ్రీల పొరపాటు చేయడం విద్యార్థులలో సర్వసాధారణం. పరిసరాల నుండి పరావర్తనం చెందిన తరంగాలు కలిస్తే శూన్యస్థానం పూర్తిగా శూన్యం కాదు. అటువంటప్పుడు ఎత్తైన, ఖాళీ అయిన చోట మళ్ళీ కొలవాలి.

== ఒక ఉదాహరణ: 10 మెగాహెర్ట్జ్ వద్ద మీటరు వలయం ==

వ్యాసం 1 మీటరు ఉన్న రాగి గొట్టపు వలయాన్ని 10 మెగాహెర్ట్జ్ వద్ద వాడుతున్నారనుకుందాం. గొట్టపు మందం 2 సెంటీమీటర్లు. ఔత్సాహిక రేడియోవారు ఇళ్ళ మీద, వసారాలలో పెట్టుకునే వలయ ఏంటెనాలు ఇంచుమించు ఈ కొలతలలోనే ఉంటాయి.

తరంగదైర్ఘ్యం 30 మీటర్లు, చుట్టుకొలత 3.14 మీటర్లు; కాబట్టి C/λ = 0.105. పై సూత్రం ప్రకారం వికిరణ నిరోధం 0.024 ఓములు మాత్రమే. అదే 3.14 మీటర్ల గొట్టాన్ని నిటారుగా ఉంచితే 2.2 ఓములు ఉండేది.

ఈ 0.024 ఓముల పక్కన గొట్టపు సొంత నిరోధాన్ని చూడాలి. ఈ పౌనఃపున్యంలో స్కిన్ ఎఫెక్ట్ వలన ప్రవాహం రాగి పైపొరలో సుమారు 0.02 మిల్లీమీటర్ల లోతులోనే పారుతుంది. గొట్టపు నిరోధం సుమారు 0.041 ఓములు అవుతుంది. అంటే అందించిన సామర్థ్యంలో 0.024/(0.024 + 0.041), సుమారు 37 శాతం మాత్రమే తరంగంగా వెలువడుతుంది, మిగిలినది రాగిని వేడెక్కిస్తుంది. గొట్టం బదులు 2 మిల్లీమీటర్ల తీగ వాడితే నిరోధం 0.41 ఓములై, దక్షత 5 లేక 6 శాతానికి పడిపోతుంది. వలయ ఏంటెనాలకు లావుపాటి గొట్టాలు ఎందుకు వాడతారో దీనిని బట్టి తెలుస్తుంది. గొట్టాన్ని కెపాసిటర్‌కు కలిపే అతుకు సరిగా లేక 0.05 ఓములు అదనంగా చేరినా దక్షత 20 శాతం దగ్గరకు దిగజారుతుంది. అంత చిన్న నిరోధం మామూలు మీటరుకు చిక్కదు. పాడైన అతుకును సాధారణంగా అది వేడెక్కడం ద్వారాను, ఏంటెనా అనునాదం మునుపటికంటే మొద్దుబారడం ద్వారాను గుర్తిస్తారు.

100 వాట్లు అందిస్తే వలయంలో ప్రవాహం సుమారు 39 ఆంపియర్లు. వలయపు ప్రేరకత్వం సుమారు 2.5 మైక్రోహెన్రీలు, 10 మెగాహెర్ట్జ్ వద్ద దీని ప్రతిరోధం 157 ఓములు. దానిని రద్దు చేయడానికి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టాలి. దాని మీద పడే వోల్టేజి 39 × 157, అంటే 6,100 వోల్టులు. గరిష్ఠ విలువ 8,600 వోల్టులకు పైమాటే. మామూలు రేడియో కెపాసిటర్ ఇక్కడ నిప్పురవ్వలు కక్కుతుంది. ఆ వలయాన్ని ప్రసార సమయంలో చేతితో తాకడం ప్రమాదకరం. అనునాదపు వెడల్పు కూడా 4 కిలోహెర్ట్జ్ మాత్రమే కనుక, పౌనఃపున్యం కొంచెం మారినప్పుడల్లా కెపాసిటర్‌ను తిరిగి సరిచేయవలసి ఉంటుంది.

ఇన్ని కష్టాలు ప్రసారానికే. వినడానికి మాత్రం వలయం చక్కగా పనికి వస్తుంది. తక్కువ పౌనఃపున్యాలలో బయటి రేడియో రొద ఎక్కువ. దక్షత తక్కువైతే సంకేతమూ రొదా కలిసే తగ్గుతాయి కనుక కొంతవరకు నష్టం ఉండదు.

== మీడియం వేవ్ రేడియోలో వలయం ==

ట్రాన్సిస్టర్ రేడియో లోపల ఫెరైట్ కడ్డీకి చుట్టిన తీగచుట్ట కూడా ఒక చిన్న వలయమే. ఫెరైట్ దాని అయస్కాంత భ్రామకాన్ని పెంచుతుంది. వలయపు అక్షం కడ్డీ పొడవు వెంబడి ఉంటుంది. హైదరాబాదు ఆకాశవాణి కేంద్రం దశాబ్దాల పాటు వినిపించిన 738 కిలోహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 406 మీటర్లు. కడ్డీ పొడవు కొన్ని సెంటీమీటర్లు. "చిన్న వలయం" అనే మాటకు ఇంతకంటే తగిన ఉదాహరణ దొరకదు.

మీడియం వేవ్ కేంద్రాల ప్రసార స్తంభాలు నిలువుగా ఉంటాయి. అడ్డ ధ్రువణం గల తరంగాన్ని వాహకమైన నేల అణచివేస్తుంది కనుక నేల వెంట సాగవలసిన తరంగానికి నిలువు ధ్రువణమే తగినది. అందులోని అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా, కేంద్రం ఉన్న దిశకు లంబంగా ఉంటుంది. అందువల్ల అడ్డంగా ఉన్న కడ్డీ కేంద్రం దిశకు లంబంగా ఉన్నప్పుడు ధ్వని గట్టిగా వినబడుతుంది. కడ్డీ కొస కేంద్రం వైపు తిరిగితే ధ్వని సన్నగిల్లిపోతుంది. రేడియోను పట్టుకుని గదిలో తిరిగినవారందరికీ ఇది అనుభవమే.

దిశను కనుక్కోవడానికి గట్టి ధ్వని కంటే నిశ్శబ్దమే మేలు. గరిష్ఠ స్థానం నుండి 30 డిగ్రీలు పక్కకు తిప్పినా వోల్టేజి 13 శాతమే తగ్గుతుంది. చెవికి ఆ తేడా తెలియదు. శూన్యస్థానం నుండి ఒక్క డిగ్రీ తప్పితే మాత్రం వోల్టేజి సున్న నుండి గరిష్ఠంలో 1.7 శాతానికి పెరుగుతుంది. ఓడలలోను, విమానాలలోను పూర్వం వాడిన దిశాశోధక వలయాలు ఈ నిశ్శబ్దాన్నే వెదికేవి.

రాత్రివేళ ఈ పద్ధతి దారి తప్పిస్తుంది. సూర్యాస్తమయం తరువాత దూరపు కేంద్రాల తరంగాలు అయనోవరణం నుండి పరావర్తనం చెంది పైనుండి వాలుగా వస్తాయి. అక్కడ భూఅయస్కాంత క్షేత్రపు ప్రభావం వలన వాటి ధ్రువణం మారిపోయి, అడ్డ ధ్రువణం కూడా కలుస్తుంది. నిలువు వలయంలోని పై, కింది తీగలు అడ్డంగా ఉంటాయి కదా, అవి ఈ క్షేత్రానికి స్పందిస్తాయి. అప్పుడు శూన్యస్థానం జరుగుతుంది, లేదా మసకబారి నిమిష నిమిషానికీ మారుతూ ఉంటుంది. శూన్యం అలా కదులుతున్నదంటే కొలతను నమ్మరాదు. దీనిని రాత్రి ప్రభావం అన్నారు. 1919లో ఫ్రాంక్ ఆడ్‌కాక్ పేటెంటు పొందిన ఏంటెనా దీనికి విరుగుడు. వలయంలోని అడ్డ తీగల స్పందనను తప్పించి, ఎడంగా నిలిపిన నిలువు తీగల మధ్య భేదాన్ని మాత్రమే అది గ్రహిస్తుంది. అంటే చతురస్రపు వలయాన్ని విడదీసి మనం పైన చేసిన గణనను ఆయన ఇనుములో కట్టి చూపినట్లే.

== వలయం, ద్విధ్రువం కలిసినప్పుడు ==

ఒకే అక్షం మీద ఒక పొట్టి ద్విధ్రువాన్నీ ఒక చిన్న వలయాన్నీ ఉంచి, రెండింటిలోనూ ఒకే ప్రవాహాన్ని పంపితే ఏమవుతుంది? విద్యుత్ క్షేత్రాలు ఒకదానికొకటి లంబం. ప్రవాహం ఒకటే అయినా వలయపు క్షేత్రం 90 డిగ్రీల దశాభేదంతో వస్తుందని ముందే చూశాం. లంబంగా ఉన్న రెండు సమాన డోలనాలు 90 డిగ్రీల దశాభేదంతో కలిస్తే విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. దీనినే వృత్తాకార ధ్రువణం అంటారు.

వీలర్ 1947లో ఈ ఆలోచనను స్ప్రింగు ఆకారపు తీగతో సాధించి చూపాడు. స్ప్రింగులోని ప్రతి చుట్టూ ఒక వలయం. చుట్టుకూ చుట్టుకూ మధ్య తీగ ఎక్కే ఎత్తు ఒక చిన్న ద్విధ్రువం. రెండూ వరుసగా ఉన్నాయి కనుక ప్రవాహం తప్పనిసరిగా ఒకటే. చుట్ల మధ్య ఎడం S, ఒక చుట్టు చుట్టుకొలత C అయితే, రెండు క్షేత్రాలూ సమానం కావడానికి షరతు ఇది:

C² = 2 S λ

ఉదాహరణకు తరంగదైర్ఘ్యం 1 మీటరు, S ఒక సెంటీమీటరు అయితే C సుమారు 14 సెంటీమీటర్లు, అంటే చుట్టు వ్యాసం 4.5 సెంటీమీటర్లు ఉండాలి. స్ప్రింగు మొత్తం పొడవు తరంగదైర్ఘ్యం కంటే బాగా తక్కువగా ఉండాలి. చుట్టు ఇంతకంటే సన్నగా ఉంటే ద్విధ్రువపు వాటా పెరిగి ధ్రువణం దీర్ఘవృత్తాకారమవుతుంది.

రెండు క్షేత్రాలూ sin θ తోనే మారుతాయి కనుక వాటి నిష్పత్తి అన్ని దిశలలోనూ ఒకటే. అక్షం మీద ఏ తరంగమూ లేదు, తక్కిన అన్ని దిశలలోనూ వృత్తాకార ధ్రువణమే. మరి తిరిగే దిశ? కుడి మరవలాగా చుట్టిన స్ప్రింగు నుండి వచ్చే తరంగంలో, కుడిచేతి బొటనవేలు తరంగం పోయే దిశను చూపితే, విద్యుత్ క్షేత్రం తక్కిన వేళ్ళు ముడుచుకునే దిశలో తిరుగుతుంది. రేడియో ఇంజనీర్లు దీనిని కుడి ధ్రువణం అంటారు. కాంతిశాస్త్ర గ్రంథాలలో చాలావరకు తరంగానికి ఎదురుగా నిలబడి చూసి పేరు పెట్టే అలవాటు ఉండడంతో, వారికి ఇదే ఎడమ ధ్రువణం. రెండు రకాల పుస్తకాలనూ కలిపి చదివేవారు ఈ సంగతి సరిచూసుకోవాలి.

== ఈ పోలిక ఎక్కడ చెడుతుంది ==

వలయపు వికిరణం సహజంగానే బలహీనం కనుక, అందులో ఏ మాత్రం విద్యుత్ ద్విధ్రువపు వాటా చొరబడినా అది కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ప్రవాహాన్ని అందించే తీగలు వలయానికి సౌష్ఠవంగా లేకపోతే, వలయమంతా ఒక పొట్టి తీగలాగా కూడా పనిచేయడం మొదలుపెడుతుంది. దిశాశోధక వలయంలో దీని గుర్తు తెలిసిందే: రెండు శూన్యస్థానాలు సరిగ్గా 180 డిగ్రీల ఎడంలో ఉండవు, లేదా శూన్యం నిండిపోతుంది. వలయాన్ని ఒక చోట ఖాళీ వదలిన లోహపు గొట్టంలో ఇమడ్చడం, లేదా సౌష్ఠవంగా ప్రవాహం అందించడం దీనికి మందు. ఇదే దోషాన్ని కావాలని వాడుకోవడం కూడా ఉంది. వలయానికి ఒక నిలువు తీగను తగిన దశతో, తగిన పాళ్ళలో కలిపితే రెండు శూన్యాలలో ఒకటి పోయి ఒకటే మిగులుతుంది. కేంద్రం ముందున్నదో వెనుక ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

రెండవ హద్దు పరిమాణానిది. చుట్టుకొలత తరంగదైర్ఘ్యంలో పదో వంతును దాటేకొద్దీ తీగ పొడవునా ప్రవాహం సమానంగా ఉండదు. నాలుగవ ఘాతపు సూత్రం క్రమంగా తప్పుతుంది. చుట్టుకొలత ఒక పూర్తి తరంగదైర్ఘ్యానికి చేరినప్పుడు చిత్రం తలకిందులవుతుంది. ఎదురెదురు వైపుల ప్రవాహాలు అప్పుడు ఒకే దిశలో పారి, క్షేత్రాలు రద్దు కావడానికి బదులు కూడుతాయి. చిన్న వలయం ఏమీ పంపని అక్షం దిశలోనే పెద్ద వలయం అన్నిటికంటే ఎక్కువ పంపుతుంది. దాని ధ్రువణాన్ని కూడా ఇక వలయపు తలం ఒక్కటే నిర్ణయించదు, ప్రవాహాన్ని అందించే స్థానమూ నిర్ణయిస్తుంది: నిలువుగా నిలిపిన చతురస్రపు వలయానికి కింది భుజం మధ్యలో ప్రవాహం అందిస్తే అక్షం దిశలో అడ్డ ధ్రువణం, పక్క భుజం మధ్యలో అందిస్తే నిలువు ధ్రువణం వస్తాయి.